తెలుగు లిపి, కంప్యూటర్: బెంగళూరులో ఒకరోజు సదస్సు

2027 జనవరి 23, శనివారం
ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 దాకా
మల్లేశ్వరం 8వ క్రాస్, బెంగళూరు
మూడు గదులు, 180 సీట్లు

నిరుడు మా సదస్సులో మొదటి స్లైడ్ తెర మీదికి రాగానే హాలంతా గొల్లుమంది. స్వాగతం అని ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. అద్దెకు తెచ్చిన ఆ పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంటే లేదు. గదిలో నలభై మంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఉన్నారు. లేచొచ్చి దాన్ని బాగుచేసింది మాత్రం పెళ్ళికార్డులు టైపు చేసే ఒక డీటీపీ ఆపరేటర్. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఫాంటు ఎక్కించి, మాట్లాడకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

ఈ ఏడాది సదస్సుకు ఆయనే మొదటి వక్త. తెలుగు తెర మీద విరిగిపోతుంటే రోజూ తిప్పలు పడేవాళ్ళు ఒక ఊళ్ళో, దాన్ని సరిచేయగలిగినవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉంటున్నారు. ఇద్దర్నీ ఒక రోజు ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టాలన్నదే మా ప్రయత్నం.

వక్తలు

ఈసారి పేర్లు, ఫొటోలు ఇక్కడ పెట్టడం లేదు. నిరుడు తెలిసిన పేరున్న గదికి జనం తోసుకుపోయారు, పక్క గదిలో మంచి ప్రసంగం తొమ్మిది మంది ముందు జరిగింది. పేర్లు ఆ రోజు ఉదయం చేతికిచ్చే పుస్తకంలో ఉంటాయి. అందాకా వాళ్ళ పని చూసి గది ఎంచుకోండి.

*డీటీపీ ఆపరేటర్, విజయవాడ.* ఇరవై రెండేళ్ళుగా శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు టైపు చేస్తున్నారు. యూనికోడ్ రాకముందు నాటి ఫాంట్లలో చేసిన పని ఆయన దగ్గర నాలుగు హార్డ్ డిస్కుల నిండా ఉంది. ఆ ఫైలు తెరిచి ఫాంటు మారిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాల గజిబిజి మిగులుతుంది. అందులో ఒక పేరు వెతకాలన్నా కుదరదు. "మారిస్తే బాగుంటుందని అందరూ చెప్తారు, మార్చాక ప్రూఫు ఎవరు చూస్తారో చెప్పరు" అంటారు. ఆయన ప్రసంగం నిజానికి ఒక ఫిర్యాదు. కత్తిరించకుండా వినిపించాలని నిర్ణయించాం.

*అక్షరాలు తెర మీద కూర్చే ప్రోగ్రామర్, బెంగళూరు.* 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చిన సంగతి గుర్తుందా? మెసేజ్‌లో "జ్ఞా" వస్తే చాలు, ఆ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. మనం మామూలుగా టైపు చేసే జ్ఞా కాదది. జ, పొల్లు, ఞ, కంటికి కనపడని U+200C, ఆపైన దీర్ఘం, ఇలా ఐదు సంకేతాల వరస. iOS 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఆ ఐదు సంకేతాలూ లోపల ఏ దారిన వెళ్ళి ఎక్కడ ఇరుక్కుంటాయో ఆమె బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపిస్తారు. స్లైడ్లు లేవు. అడిగితే, నిరుటి డబ్బాలు చూశాక ధైర్యం చాలలేదన్నారు.

*ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, చిత్తూరు జిల్లా.* "అమ్మ" అని రావడానికి ఫోనులో చాలామంది `amma` అని కొడతారు. మరి ఇంగ్లీషు అక్షరాలు ఇంకా రాని రెండో తరగతి పిల్లకి సొంత భాష రాయడానికి పరాయి లిపి ఎందుకు నేర్పాలన్నది ఆవిడ ప్రశ్న. నేరుగా తెలుగు అక్షరాలే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. గుణింతం వచ్చిన పిల్లలు దాన్ని ఎలా పట్టుకున్నారో, ఎక్కడ విసుక్కున్నారో చెబుతారు.

*ఫాంట్ డిజైనర్, బెంగళూరు.* ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు లిపులకూ ఫాంట్లు గీస్తారు. "స్త్రీ" కింద వేలాడే రెండు ఒత్తులకు చోటివ్వకుండా ఇంగ్లీషు కొలతలతో పంక్తులు పేర్చేస్తే కింది గుడి, పై ఒత్తు ఎలా ఢీకొంటాయో ఆయన దగ్గర బోలెడన్ని ఫొటోలున్నాయి, ఎక్కువభాగం బస్సుల మీద తీసినవే.

*బ్యాంకులో రిటైరై వికీసోర్స్‌లో పాత పుస్తకాల ప్రూఫులు చూస్తున్న పెద్దాయన, నెల్లూరు.* స్కాన్ చేసిన పేజీని యంత్రం చదివినప్పుడు "మ"ను "వు" అనుకుంటుంది, ప, ష, వ కలిసిపోతాయి, అరసున్నలు గాల్లో కలుస్తాయి. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ నోటుపుస్తకాన్నే తెస్తున్నారు.

ఇంకో ఇద్దరు డేటాబేస్ మనుషులు. అకారాది క్రమం, పేర్ల వెతుకులాట వీళ్ళ విషయాలు.

ఏ గదిలో ఏం జరుగుతుంది

9 గంటలకు కాఫీ, 9:30కి పెద్ద హాలులో అందరికీ కలిపి డీటీపీ ఆపరేటర్ గారి ప్రసంగం. 10:30 నుంచి మూడు గదులుగా విడిపోతాం.

*పెద్ద హాలు: అక్షరం.* 10:45కి ఒత్తులకు చోటు గురించి ఫాంట్ డిజైనర్. 11:45కి తలకట్టు మీద కాగితం, కలం పని: నిబ్బు పెన్ను మేమే ఇస్తాం, చొక్కా మీద సిరా పడితే పూచీ లేదు. మధ్యాహ్నం 2 గంటలకు మా అందరికీ ఇష్టమైన సెషన్, "కన్నడ చదవగలిగితే తెలుగు చదవగలరు". బెంగళూరులో పుట్టి పెరిగి, ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతూ, తెలుగు బోర్డు కనిపిస్తే మాత్రం పక్కవాళ్ళ మొహం చూసే వాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళను వెంటబెట్టుకు రండి. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, యూనికోడ్‌లో కూడా పక్కపక్క ఇళ్ళే: తెలుగు U+0C00 నుంచి U+0C7F దాకా, ఆ గోడ దాటగానే U+0C80 నుంచి కన్నడం. అందుకే ఇది పనిచేస్తుంది:

```python
chr(ord("క") + 0x80)   # 'ಕ'
```

*మేడ మీది గది: కోడ్.* ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. 10:45కి జ్ఞా కథ. 11:45కి పొడవు లెక్కలు. ఈ సెషన్ ఎందుకో అర్థం కావాలంటే ఇంట్లోనే ఒకసారి నడిపి చూడండి:

```python
len("స్త్రీ")   # 6
```

కంటికి ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు సంకేతాలు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 పడితే తెలుగులో 70కే గీత గీసేస్తారు, ఆ 70లో ఆరు ఇక్కడే అయిపోయాయి. ఫారాల్లో "పేరు 10 అక్షరాలకు మించరాదు" అని పెట్టేవాళ్ళు ఈ సెషన్‌కు తప్పక రావాలని మనవి. 2 గంటలకు వెతుకులాట: "సాఫ్ట్‌వేర్" మధ్యలో కనపడని U+200C పెట్టి ఒకరు, పెట్టకుండా ఇంకొకరు టైపు చేస్తే, ఒకరి మాట ఇంకొకరికి ఎందుకు దొరకదో, దొరికేలా ఏం చేయాలో. 3 గంటలకు అకారాది క్రమం.

*భోజనశాల పక్క గది: బడి, పత్రిక, దుకాణం.* కోడ్ మాట ఎత్తరు. 10:45కి ఉపాధ్యాయిని గారు, 11:45కి నెల్లూరు నోటుపుస్తకం, 2 గంటలకు పాత ఫాంట్ల ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే పని. మీ ఫైలు తెస్తే అక్కడే మార్చి, ప్రూఫు కూడా పక్కన కూర్చుని చూస్తాం. పన్నెండున్నర తర్వాత మాత్రం ఈ గదిలో గుత్తివంకాయ వాసనను తట్టుకుని కూర్చోవాలి.

భోజనం 12:45కి. 4 గంటలకు టీ తాగి అందరూ మళ్ళీ పెద్ద హాలుకు. చివరి గంటన్నర ప్రసంగాలుండవు. ఇబ్బంది ఉన్నవాళ్ళు తెర మీద చూపిస్తారు, చేయగలిగినవాళ్ళు చేయెత్తుతారు.

ప్రసంగాలన్నీ తెలుగులోనే, ఎవరి యాస వాళ్ళది. ఫాంటుకు తెలుగు మాట వెతుక్కుంటూ ఎవరూ ఆగిపోనక్కర్లేదు.

టికెట్లు

మామూలు టికెట్ 900 రూపాయలు, డిసెంబర్ 31 లోపు తీసుకుంటే 700. విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, డీటీపీ పనిలో ఉన్నవాళ్ళకు 250. గుర్తింపు కార్డు అడగం, మీ మాట చాలు. "కన్నడ చదవగలిగితే" సెషన్‌కు మాత్రమే వచ్చేవాళ్ళకు 150, భోజనం ఉండదు, టీ ఉంటుంది. చేయూత టికెట్ 2,000: మీ సీటుతో పాటు బయటి ఊరి నుంచి వచ్చే ఒక విద్యార్థి సీటు, బస్సు ఖర్చులో కొంత మీ ఖాతాలో. నిరుడు ఈ టికెట్ కొన్నవాళ్ళలో సగం మంది సదస్సుకు రానేలేదు, డబ్బు కట్టి ఊరుకున్నారు. ఈసారి రండి కూడా.

అన్ని టికెట్లకూ గదులు మూడూ తెరిచే ఉంటాయి, 150 టికెట్‌కు తప్ప. మానుకుంటే జనవరి 16 దాకా పూర్తి డబ్బు వెనక్కిస్తాం. ఆ తర్వాత వంటవాళ్ళకు లెక్క చెప్పేస్తాం కాబట్టి కుదరదు, కానీ టికెట్ వేరేవాళ్ళ పేరు మీదికి మార్చుకోవచ్చు. గేటు దగ్గర టికెట్లు అమ్మం.

ఖర్చులో చేయి వేసేవాళ్ళు

లెక్క దాచేదేమీ లేదు. హాలు అద్దె 45,000, భోజనం మనిషికి 220 చొప్పున 180 మందికి 39,600, బయటి ఊళ్ళ నుంచి వచ్చే వక్తల రైలు, బస సుమారు 30,000, ప్రొజెక్టర్లు, మైకులు, పుస్తకం అచ్చు కలిపి ఇంకో 35,000. టికెట్లతో ఇందులో సగానికి కొంచెం పైన వస్తుంది.

కాఫీ, టీ ఖర్చు 12,000 మల్లేశ్వరంలో కాఫీపొడి అమ్మే ఒక తెలుగు కుటుంబం భరిస్తోంది. డికాక్షన్ కూడా వాళ్ళే కాస్తామన్నారు, వద్దంటే ఊరుకోలేదు. వక్తల ప్రయాణాలు ఒకే కాలేజీలో చదివి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్న పాత విద్యార్థుల బృందం తీసుకుంది. భోజనం ఇంకా ఖాళీగా ఉంది, 40,000. పుస్తకం అచ్చు కూడా, 15,000.

ఇచ్చినవారి పేరు పుస్తకంలో, భోజనశాల గోడ మీద ఉంటుంది. వేదిక మీద ప్రకటనలుండవు, పది నిమిషాల ఉపన్యాసం అసలే ఉండదు. వచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వం. ఇంకో షరతు: మీ సంస్థ పేరు తెలుగులో, టైపు చేసి పంపండి, బొమ్మగా వద్దు. నిరుడు ఒకరి బ్యానర్ మీద ఒత్తులన్నీ విడిపోయి పొల్లులుగా వచ్చాయి. లిపి సదస్సు గుమ్మంలోనే రోజంతా అలా వేలాడింది. ఈసారి బ్యానర్లు విజయవాడ ఆపరేటర్ గారి చేతిమీదుగా వెళ్తాయి.

రావడం ఎలా

మెజెస్టిక్‌లో యశ్వంతపురం వైపు వెళ్ళే గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే మొదటి స్టేషనే సంపిగె రోడ్. అక్కడి నుంచి ఆటో. రైల్లో వచ్చేవాళ్ళకు మెజెస్టిక్ కంటే యశ్వంతపురంలో దిగడం తేలిక. కారు తేవద్దు, శనివారం 8వ క్రాస్‌లో స్కూటరు పెట్టడానికే చోటు దొరకదు. హాలు చిరునామా, మ్యాపు టికెట్‌తో పాటు ఫోనుకు వస్తాయి. మేడ మీది గదికి లిఫ్టు లేదు. మెట్లు ఎక్కలేనివాళ్ళు టికెట్ తీసుకునేటప్పుడు ఒక మాట రాస్తే ఆ సెషన్‌ను కిందికి మారుస్తాం.

వచ్చేటప్పుడు మీ కంటబడ్డ విరిగిన తెలుగు ఫొటో ఒకటి ప్రింటు తీసి తెండి: బోర్డు, బిల్లు, శుభలేఖ, ఏదైనా సరే. అంగడి పేరు కనిపిస్తే దాని మీద కాగితం అంటించండి. గోడకు తగిలించడానికి గుండుసూదులు మా దగ్గరున్నాయి.