ఫిర్యాదు: పర్లాకిమిడి బ్రాంచిలో కులం, యాస, ఆడమనిషిననే కారణాలతో నన్ను వేరుగా చూస్తున్న విషయం

తేదీ: 14 అక్టోబర్ 2025

హెడ్ ఆఫీస్ హెచ్ఆర్ మేడమ్ గారికి, విశాఖపట్నం

మేడమ్, నమస్తే. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలోని మన బట్టల షోరూమ్‌లో చీరల సెక్షన్‌లో సేల్స్ చేస్తున్నాను. 2021 మార్చిలో చేరాను. ఈ మెయిల్ ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలియదు కాబట్టి ఇందులో ఎవరి పేరూ రాయలేదు, హోదాలే రాశాను. నా పేరు, ఉద్యోగి నంబరు, మిగతా వాళ్ల పేర్లు, సాక్షుల పేర్లు ఉన్న కాగితం సీల్ వేసిన కవరులో మీ పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో ఈరోజే పంపాను. ఫిర్యాదు మా బ్రాంచి మేనేజర్ మీద. ఆయన ఈ సంవత్సరం జూన్‌లో విజయవాడ వైపు బ్రాంచి నుంచి బదిలీ మీద వచ్చారు.

కింద మూడు రకాల విషయాలున్నాయి: నేను నా చెవులతో విన్నవి, వేరేవాళ్లు చెబితే తెలిసినవి, నేను అనుకుంటున్నవి. ఏది ఏదో అక్కడక్కడే చెప్పాను. దయచేసి కలిపేయకండి. కలిపేస్తే రేపు విచారణలో ఒక్కటి తేలకపోయినా మొత్తం అబద్ధమని కొట్టేస్తారు.

యాస విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే వరసలో అదే ముందు జరిగింది. జూలై వరకు షాపులో మైక్ అనౌన్స్‌మెంట్లు నేనే చేసేదాన్ని. తెలుగులో, ఒడియాలో రెండింట్లోనూ, ఎందుకంటే మనకు పాతపట్నం నుంచి తెలుగు వాళ్లు, ఇటు కాశీనగర్, గుమ్మ వైపు నుంచి ఒడియా వాళ్లు, సవర వాళ్లు వస్తారు. జూలై 12న మధ్యాహ్నం మేనేజర్ గారు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నన్ను ఆపి, "ఇకనుంచి మైక్ నువ్వు ముట్టుకోవద్దు, మీ పేట యాసకి కస్టమర్లు నవ్వుకుంటున్నారు" అన్నారు. నవ్విన కస్టమర్ ఎవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగాను. సమాధానం లేదు. కస్టమర్ల సలహాల పుస్తకంలో మైక్ గురించి ఒక్క మాటా లేదు, కావాలంటే తెప్పించుకుని చూడండి. ఆ తర్వాత, ఆ పూటే, "ఇంతకీ మీ ఇల్లు ఏ వీధి, ఇంటిపేరు ఏంటి" అని అడిగారు. చెప్పాను. మేం ఎస్సీ, మాల. అప్పటికే ఆయనకి తెలుసో, వీధి పేరు విన్నాకే తెలిసిందో నాకు తెలియదు.

మైక్ ఇప్పుడు ఫ్లోర్‌లోని ఇంకో అబ్బాయి చేతిలో ఉంది. అతనిదీ ఈ ఊరే, అతను మాట్లాడేదీ అచ్చం మా ఇంట్లో మాట్లాడే తెలుగే. "ఏటి", "ఎల్తన్నారు" అతనూ అంటాడు, మైక్‌లో కూడా. అతన్ని మేనేజర్ గారు ఆపడం నేను చూడలేదు. అతనిది ఎస్సీ కులం కాదు. అతని మీద నాకు ఏ కోపమూ లేదు, మంచి పనివాడు. పోల్చి చూపించడానికి మాత్రమే రాస్తున్నాను. వ్యావహారిక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడి చెప్పిన ఊరిది, ఈ ఊళ్లో ఒకరి మాట తీరు చూసి పని తీసేయడం ఏంటో నాకైతే అర్థం కాలేదు. సరే, అది నా బాధ, అసలు విషయానికి వస్తాను.

సెప్టెంబర్ 11 రాత్రి 9:14కి బ్రాంచి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మేనేజర్ గారు ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. నేను కస్టమర్‌తో మాట్లాడినట్టు గొంతు మార్చి, "ఏటమ్మా, ఏ సీర సూపించమంతారు" అని సాగదీస్తూ 22 సెకన్లు మాట్లాడారు. నా పేరు పలకలేదు. కానీ చివర్లో "మన చీరల సెక్షన్ స్టార్" అన్నారు, ఆ సెక్షన్‌లో సేల్స్‌కి ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. పొద్దున్నే ఆ మెసేజ్ డిలీట్ అయింది. అంతకుముందే నేను దాచుకున్నాను, ఈ మెయిల్‌కి జత చేశాను, గ్రూపు స్క్రీన్‌షాట్ కూడా.

ఇప్పుడు కులం గురించి. ఆగస్టు 27, వినాయక చవితి. షాపులో పూజకి స్టాఫ్ అందరం తలా వంద రూపాయలు వేసుకున్నాం, నేనూ వేశాను. ఉదయం పదింటికి అరటిపళ్లు పళ్లెంలో సర్దుతుంటే మేనేజర్ గారు వచ్చి, "నువ్వు అవి ముట్టుకోకు, వెనక్కెళ్లి నిలబడు, మీవాళ్లు ముట్టుకున్నది అందరూ తినరు" అన్నారు. ఇది నేరుగా నాతో అన్నమాట. పూజారి గారు, క్యాషియర్, ఇంకో ముగ్గురు స్టాఫ్ అక్కడే ఉన్నారు. షట్టర్ తెరిచే ఉంది, ఇద్దరు కస్టమర్లు లోపలికి వచ్చి నిలబడ్డారు. నేను పళ్లెం కింద పెట్టి గోడౌన్‌లోకి వెళ్లిపోయాను. అంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. క్యాషియర్ తర్వాత వచ్చి "పట్టించుకోకు" అంది, ఆమె సాక్ష్యం చెబుతానని ఒప్పుకుంది. మిగతా ముగ్గురిలో ఒకరు ఒప్పుకోలేదు, ఒకరు ఆలోచిస్తానన్నారు, ఒకర్ని నేను అడగలేదు.

సెప్టెంబర్ మొదటి వారం నుంచి టీ సమయంలో అందరికీ స్టీలు గ్లాసులు, నాకూ ఊడ్చే ఆమెకూ మాత్రం పేపర్ కప్పులు వస్తున్నాయి. ఆమెదీ మా పేటే. పేపర్ కప్పులు వస్తున్నది నేను రోజూ చూస్తున్నది, ఫొటో ఉంది. "సారు అలా ఇమ్మన్నారు" అని టీ తెచ్చే అబ్బాయి చెప్పాడు, సారు నోటి నుంచి నేను వినలేదు. ఆ అబ్బాయి మన స్టాఫ్ కాదు, హోటల్ వాడు. అతన్ని మేనేజర్ ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఇంకేం చెబుతాడు? విడిగా అడగండి.

అన్నిటికంటే పెద్దది అక్టోబర్ 5 సాయంత్రం జరిగింది. ఒక కస్టమర్ తీసుకున్న చీర ట్యాగ్ మీద 1,850 ఉంది, బార్‌కోడ్ స్కాన్ చేస్తే 1,580 వచ్చింది. ట్యాగ్ వేసేది గోడౌన్‌లో, నేను కాదు. కస్టమర్ తక్కువ రేటుకే ఇమ్మని గొడవ పెట్టారు. మేనేజర్ గారు క్యాబిన్ నుంచి బయటికొచ్చి కౌంటర్ ముందు, లైన్‌లో ఉన్న కస్టమర్లందరూ వింటుండగా, "ఈ మాలోళ్లని కౌంటర్లో పెడితే ఇలాగే ఉంటుంది" అని గట్టిగా అన్నారు. ఈ మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను. ఆ రాత్రే ఇంటికెళ్లి డైరీలో టైముతో సహా రాసుకున్నాను: 6:40 ప్రాంతం. చీర కొన్న ఆవిడ తర్వాతి రోజు నాతో మాట్లాడి, అవసరమైతే చెబుతానని నంబరు ఇచ్చారు, అది కవరులో ఉంది. కౌంటర్ పైన సీసీ కెమెరా ఉంది. దానిలో మాట వినబడదు గానీ ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో కనబడుతుంది. మన రికార్డింగ్ నెల దాటితే చెరిగిపోతుంది కాబట్టి అన్నిటికంటే ముందు, ఈ మెయిల్ చదివిన రోజే, అక్టోబర్ 5 రికార్డింగ్ తీయించి మీ దగ్గర పెట్టుకోండి. బ్రాంచికి ఫోన్ చేసి మేనేజర్ గారినే తీయమంటే మాత్రం అర్థం ఉండదు.

ఇక ఫ్లోర్ ఇన్‌చార్జి పోస్టు. ఆగస్టు 18న ఇంటర్వ్యూ జరిగింది, నేనూ ఇద్దరు మగవాళ్లూ వెళ్లాం. నన్ను అడిగిన మొదటి ప్రశ్న "పెళ్లెప్పుడు", రెండోది "పెళ్లయ్యాక ఈ ఊళ్లోనే ఉంటావా". మిగతా ఇద్దరినీ అడిగి చూశాను, వాళ్లని పెళ్లి గురించి అడగలేదట, ఒకరికి ఇంకా పెళ్లి కాలేదు కూడా. చివర్లో మేనేజర్ గారు "ఆడోళ్లకి ఇన్‌చార్జి ఇస్తే రాత్రి స్టాక్ లారీ ఎవరు దింపిస్తారు" అన్నారు. గత దసరా, సంక్రాంతి సీజన్లలో రాత్రి లారీ దింపించి రిజిస్టర్‌లో సంతకం పెట్టింది నేనే, రిజిస్టర్ చూడండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు నా సేల్స్ 6,42,000, ఎంపికైన అతనివి 3,15,000. అతనిది మగవాళ్ల సెక్షన్, చీరల రేట్లు వేరు, కాబట్టి ఈ అంకెలు మాత్రమే చూసి నాకే ఇవ్వాలని నేను అనడం లేదు. ఎంపిక దేని ఆధారంగా జరిగిందో కాగితం మీద చూపించమంటున్నాను. నన్ను వద్దనడానికి కులం కూడా కారణమా అంటే, అది నా అనుమానం మాత్రమే, ఆ ఇంటర్వ్యూలో కులం మాట రాలేదు.

ఇది లైంగిక వేధింపు ఫిర్యాదు కాదు. అందుకే 2013 చట్టం కింద ఉండే అంతర్గత కమిటీకి కాకుండా మీకు రాస్తున్నాను. మీరు దీన్ని ఆ కమిటీకి పంపించి, వాళ్లు మా పరిధి కాదని తిప్పి పంపిస్తే నెలలు పోతాయి.

మతం విషయంలో నేను ఎక్కువ రాయను. గోడౌన్‌లో పనిచేసే ఒక క్రిస్టియన్ అమ్మాయి ఆదివారం పొద్దుటి షిఫ్ట్ ఇంకొకరితో మార్చుకుంటానంటే, సెప్టెంబర్ 20న నా ముందే మేనేజర్ గారు "మీ మతం వాళ్లకి వారం వారం ఇదే గోల" అన్నారు. షిఫ్టులు మార్చుకోవడం మన దగ్గర మామూలే, షీట్ చూస్తే తెలుస్తుంది. అంతవరకే నేను చెప్పగలను. మిగతాది చెప్పాలో వద్దో ఆమె ఇష్టం, ఆమె తరఫున నేను ఫిర్యాదు చేయడం లేదు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అక్టోబర్ 5 మాట కస్టమర్ల ముందు జరిగింది కాబట్టి 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కిందికి వస్తుందని నాకు లాయర్ గారు చెప్పారు. మేనేజర్ గారు ఎస్సీ, ఎస్టీ కారని నాకు తెలిసిన సంగతి. హెడ్ ఆఫీస్ విశాఖలో ఉన్నా జరిగింది ఇక్కడ, కాబట్టి కేసంటూ పెడితే ఇక్కడి పోలీస్ స్టేషన్‌లోనే పెడతాను. ఇంకా పెట్టలేదు. మీకు రాసినంత మాత్రాన ఆ హక్కు వదులుకున్నట్టు కాదు, ఈ వాక్యం బెదిరింపూ కాదు.

నాకు కావలసింది ఇది. విచారణ మా బ్రాంచి వాళ్లు కాకుండా బయటి నుంచి వచ్చినవాళ్లు చేయాలి, వాళ్లలో కనీసం ఒకరు ఆడవాళ్లు ఉండాలి, అది జరిగినన్ని రోజులూ మేనేజర్ గారు నా హాజరు, సెలవులు, ఇన్సెంటివ్ చూడకూడదు. స్టాఫ్ తెలుగులోగానీ ఒడియాలోగానీ ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చెప్పుకోనివ్వండి, ఇంగ్లీషులో టైపు చేసి సంతకం పెట్టించుకోవద్దు. మైక్ పని తిరిగి ఇవ్వండి. ఇన్‌చార్జి ఎంపికని రాతపూర్వక ప్రమాణాలతో మళ్లీ చూడండి. గ్లాసుల వివక్ష రేపే ఆగాలి, దానికి విచారణ అక్కర్లేదు. ఒక్క మాట ముందే చెబుతున్నాను: గొడవ ఎందుకని నన్ను పలాసకో శ్రీకాకుళానికో బదిలీ చేస్తే దాన్ని నేను పరిష్కారంగా ఒప్పుకోను, మా అమ్మ ఇక్కడే ఉంది, తప్పు చేసింది నేను కాదు.

అందినట్టు రెండు రోజుల్లో, ఏం చేయబోతున్నారో 15 రోజుల్లో రాతలో చెప్పండి. ఫోన్‌లో మాట్లాడాలంటే మాట్లాడతాను, కానీ మాట్లాడింది తర్వాత మెయిల్‌లో పెట్టండి.

ఇట్లు,
సేల్స్ ఉద్యోగి, చీరల సెక్షన్
పర్లాకిమిడి బ్రాంచి, గజపతి జిల్లా, ఒడిశా

జతలు: సెప్టెంబర్ 11 వాయిస్ మెసేజ్, గ్రూపు స్క్రీన్‌షాట్, పేపర్ కప్పుల ఫొటోలు, లారీ రిజిస్టర్ పేజీల ఫొటోలు, ఏప్రిల్–జూన్ సేల్స్ రిపోర్టు, అక్టోబర్ 5 డైరీ పేజీ. తహసీల్దార్ ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం నకలు కవరులో ఉంది, దాన్ని మెయిల్‌లో ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.