మూడో బోల్టు

వాన పడి ఒకరోజైంది, పొలంలో పదును సరిగ్గా ఉంది, ఇంకో రెండు రోజులు ఎండ కాసిందంటే పైమట్టి ఆరిపోతుంది. ఈలోపే దున్ని విత్తనం వేసెయ్యాలి. నాగలి కర్రు చూస్తే మొన మొత్తం అరిగి మొద్దుబారిపోయింది. కొత్త కర్రు ఇంట్లోనే ఉంది కదా, మూడు బోల్టులు విప్పి మార్చేస్తే అరగంట పని అనుకుని కూర్చున్నా. రెండు వచ్చాయి. మూడోది కదల్లేదు.

తప్పు అక్కడే చేశా. పానాకి ఒక పొడుగాటి పైపు తొడిగి ఒంట్లో బలమంతా పెట్టి లాగితే పానా జారి నట్టు మూలలు అరిగిపోయాయి, నా వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి, ఆ తర్వాత పానా అసలు పట్టుకోవట్లేదు. ఇంక నాగలి బండిలో వేసుకుని కమ్మరి తాత కొలిమి దగ్గరికి పోయా.

"తాతా, ఉలి పెట్టి కొట్టేసెయ్, టైం లేదు" అన్నా.

తాత నా వైపు చూడలేదు. నాగలి తిరగేసి, చిన్న సుత్తితో నట్టు మీద టక్కుటక్కుమని రెండు దెబ్బలు వేసి చెవి పెట్టి విన్నాడు. "దీని కిందున్న దిమ్మ పోతపోసిన ఇనుమురా అబ్బాయ్. ఉలి పెట్టి గట్టిగా కొడితే నట్టు కంటే ముందు అదే పగుల్తది, అప్పుడు నాగలే ఉండదు నీకు" అన్నాడు. నాకు గుండె జల్లుమంది, ఎందుకంటే ఇంటి దగ్గరే పెద్ద సుత్తి తీసుకుని ఆ పని చేసేవాణ్ణే.

ముందు వైరు బ్రష్షుతో బయటికొచ్చిన మరల మీద తుప్పూ, ఎండిన మట్టీ మొత్తం గోకాడు, సందుల్లోది మేకు మొనతో తీశాడు. కిరసనాయిల్లో కొంచెం ఇంజనాయిల్ కలిపి చుక్కచుక్కగా పోసి, చిన్న సుత్తితో చుట్టూ తడుతూ కూర్చున్నాడు. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తదంట, అందుకే మరల మధ్య బిగుసుకుపోతది, సన్నగా అదిరితే ఆ పొడి విరిగి నూనె లోపలికి దిగుద్ది అని చెప్పాడు. నేను అరగంటలో నాలుగుసార్లు లేచి ఎండ వైపు చూశా. తాత తట్టడం ఆపలేదు.

ఆ తర్వాత ఆకురాయి తీసుకుని, అరిగిపోయిన నట్టుకి ఎదురెదురుగా రెండు పక్కలు చదును చేశాడు, ఒక సైజు చిన్న పానా దానికి సరిగ్గా బిగిసింది. నాకు ఈ ఉపాయం అస్సలు తట్టలేదు.

కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచాకే, పొడిగా ఉందని చూసుకున్నాకే నిప్పు సంగతి ఎత్తాడు. నాగలి మొత్తాన్ని కొలిమిలో పెట్టలేదు. ఒక మందపాటి ఇనప ముక్కని ఎర్రగా కాల్చి పట్టుకారుతో పట్టుకొచ్చి నట్టుకి ఆనించాడు, చల్లారితే మళ్ళీ కాల్చి మళ్ళీ ఆనించాడు, అలా మూడుసార్లు. నట్టు ముందు వేడెక్కి వ్యాకోచిస్తది, లోపలున్న బోల్టు ఇంకా అంత వేడెక్కదు, ఆ సందే మనకి కావాల్సింది. "నీళ్ళు పొయ్యనా తాతా" అని చెంబు తీస్తే గట్టిగా అరిచాడు, వేడి మీదున్న పోత ఇనుము మీద చన్నీళ్ళు పడితే చిట్లిపోద్దని. నట్టు వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తి మొన మరలకి తగిలిస్తే మైనం కరిగి లోపలికి సర్రున జారింది.

"ఇప్పుడు బోల్టు తల వెనక పెద్ద సుత్తి ఆనించి గట్టిగా పట్టుకో, కదలనివ్వకు."

పట్టుకున్నా. విప్పుతాడనుకుంటే ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి నెట్టాడు, తర్వాత విప్పే వైపు, మళ్ళీ బిగించే వైపు. ఐదారు సార్లు అయ్యాక కిర్రుమని చిన్న శబ్దం వచ్చింది. తాత నవ్వాడు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత పావు చుట్టు, అర చుట్టు, ఎక్కడన్నా పట్టేస్తే కాస్త వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి, చివరికి నట్టు ఆయన అరచేతిలో పడింది. బోల్టు మధ్యలో సన్నబడిపోయి ఉంది, దాన్ని పక్కన పడేసి కొత్తది తీశాడు.

దిమ్మంతా చల్లారాక కొత్త కర్రు పెట్టి, మూడు బోల్టులకీ మరల నిండా గ్రీజు రాశాడు. పానా మాత్రం నా చేతికిచ్చి, పైపు తీసుకుని బండి కింద దూరంగా పడేశాడు.

"చేత్తోనే బిగించు. నాలుగు సాళ్ళు దున్నాక ఆగి మళ్ళీ ఒకసారి చూసుకో, కొత్త కర్రు కుదురుకున్నాక కొంచెం వదులవుద్ది."

తెల్లారి నాలుగో సాలు చివర ఎద్దుల్ని ఆపి చూశా. మూడో బోల్టు అర చుట్టు తీసుకుంది. మట్టి ఇంకా తడిగానే ఉంది.