31 ఏళ్లు నిండిన ఉదయం

నువ్వు లేచేసరికి ఈ కాగితం నీ కళ్లజోడు కింద ఉంటుంది. ముందు జోడు పెట్టుకో, తర్వాత చదువు. అక్షరాలు పెద్దగానే రాశాను.

ఈ రోజుతో మన పెళ్లయి 31 ఏళ్లు. నోటితో చెబుదామనే అనుకున్నాను. ఎదురుగా నిలబడితే కరెంటు బిల్లు గురించో, పాప ఫోన్ చేసిందా అనో అడిగి ఊరుకుంటానని భయమేసింది.

నీ ఎడమ చెవికి వినికిడి తగ్గాక, నడిచేటప్పుడు నేను నీ కుడి పక్కకి మారాను కదా. మొదట్లో అలవాటు కొద్దీ ఎడమ పక్కకే వచ్చేస్తుంటే, నువ్వు నా మోచెయ్యి పట్టుకుని ఇటు లాక్కునేదానివి. ఆ పట్టు నాకు ఎంత ఇష్టమో చెప్పలేదు.

అమ్మ మంచం పట్టిన ఆ నాలుగు నెలలూ గోళ్లు నువ్వే తీసేదానివి. కట్టర్ చూస్తేనే అమ్మ చెయ్యి వెనక్కి లాక్కునేది. నువ్వు ఒక్కో వేలూ పట్టుకుని, ఏదో ఒక కబురు చెబుతూ, తనకి తెలియకుండానే పని పూర్తిచేసేదానివి. ఒకరోజు గుమ్మంలో నిలబడి చూశాను. లోపలికి రాలేకపోయాను. ఏడుపొచ్చింది.

ఇంకొకటి ఉంది. అది రాయడానికే ఇంత పొద్దున లేచాను.

పాప మూడో క్లాసులో ఉండగా నీకు ప్రమోషన్ వచ్చింది. వేరే ఊరు వెళ్లాలి. ఆ ఆర్డర్ తెచ్చి నా ముందు పెట్టి, ఏం చేద్దాం అన్నావు. 'నీ ఇష్టం' అన్నాను. వద్దనే నా మనసులో ఉందని నీకు తెలుసు. నీకు తెలుసని నాకూ తెలుసు. మర్నాడు వద్దని రాసిచ్చి వచ్చి, పాపని కూర్చోబెట్టి హోంవర్క్ చేయించావు. ఆ రాత్రి అటు తిరిగి పడుకున్నావు. నిద్రపోలేదని తెలిసి కూడా నేను పలకరించలేదు.

తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు నువ్వు. నీ వెనక చేరినవాళ్లు నీకు పైఅధికారులై వచ్చినప్పుడు కూడా.

'వెళ్లు, ఇల్లు నేను చూసుకుంటాను' అనాల్సింది. చూసుకోగలిగేవాణ్ణి కూడా. అనలేదు. 'నీ ఇష్టం' అనేసి, ఆ భారమంతా నీ మీదే పెట్టాను. తప్పు చేశాను, నన్ను క్షమించు. వెంటనే 'పోనీలెండి' అనకు. కోపం ఉంటే ఉండనీ. నీ కోపం కూడా నాకు కావాలి, ఇన్నేళ్లూ దాన్ని నువ్వొక్కదానివే మోశావు.

సాయంత్రం నడకకి వెళ్దాం. ఆ ప్రమోషన్ మీద ఆ ఊళ్లో చేరితే ఏమేం చేయాలనుకున్నావో మొదటి నుంచీ చెప్పు. తొందరేం లేదు. నీ కుడి పక్కనే ఉంటాను.