కనిష్ఠ వ్యయ పద్ధతిలో రవాణా సమస్య: ఒక పరీక్ష ప్రశ్న, పూర్తి జవాబు

ప్రశ్న (10 మార్కులు). ఒక బియ్యం వ్యాపారికి మిర్యాలగూడ, సూర్యాపేట, నిజామాబాద్‌లలో మూడు గోదాములున్నాయి. వాటిలో వరుసగా 80, 60, 70 టన్నుల నిల్వ ఉంది. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం, కరీంనగర్‌లలోని దుకాణాలకు వరుసగా 75, 50, 40, 30 టన్నులు కావాలి. ఒక్కో టన్నుకు అయ్యే రవాణా ఖర్చు, వందల రూపాయల్లో, కింది పట్టికలో ఉంది. కనిష్ఠ వ్యయ పద్ధతిలో ప్రారంభ ఆధార సాధ్య సాధనను కనుక్కోండి. మొత్తం రవాణా ఖర్చు ఎంత? ఈ సాధనలో క్షీణత ఉందా?

| గోదాము | హైదరాబాద్ | వరంగల్ | ఖమ్మం | కరీంనగర్ | నిల్వ |
|---|---|---|---|---|---|
| మిర్యాలగూడ | 7 | 9 | 5 | 13 | 80 |
| సూర్యాపేట | 6 | 6 | 4 | 10 | 60 |
| నిజామాబాద్ | 8 | 11 | 15 | 7 | 70 |
| అవసరం | 75 | 50 | 40 | 30 | |

జవాబు.

ముందుగా రెండు మొత్తాలూ వేసి చూడాలి. నిల్వ 80 + 60 + 70 = 210 టన్నులు. అవసరం 75 + 50 + 40 + 30 = 195 టన్నులు. రెండూ సమానం కావు కాబట్టి ఇది అసమతుల్య సమస్య. మిగిలిన 15 టన్నుల కోసం డమ్మీ అనే ఊహా గమ్యాన్ని ఒక నిలువు వరుసగా చేరుస్తున్నాం. ఆ 15 టన్నులు నిజానికి ఏ లారీ ఎక్కవు, గోదాములోనే ఉండిపోతాయి. అందుకే ఆ వరుసలోని మూడు గడుల్లోనూ ఖర్చు సున్న.

పద్ధతి సూత్రం చిన్నది. మిగిలి ఉన్న గడుల్లో అతి తక్కువ ఖర్చున్న గడిని ఎంచుకుని, నిల్వ, అవసరం రెండింటిలో ఏది తక్కువైతే అంత అందులో కేటాయించాలి. నిండిపోయిన వరుసను కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టాలి. డమ్మీ గడులను నిజమైన గమ్యాలన్నీ తీరాక చివరగా నింపుతున్నాం.

పట్టికలో అన్నిటికన్నా చిన్న ఖర్చు 4. అది సూర్యాపేట నుంచి ఖమ్మం. సూర్యాపేటలో 60 ఉన్నాయి, ఖమ్మానికి 40 చాలు. 40 కేటాయిస్తే ఖమ్మం వరుస పోతుంది, సూర్యాపేటలో 20 మిగులుతాయి.

తర్వాతి చిన్న ఖర్చు 6. ఇది రెండు గడుల్లో ఉంది: సూర్యాపేట నుంచి హైదరాబాద్, సూర్యాపేట నుంచి వరంగల్. సమానంగా ఉన్నప్పుడు ఎక్కువ కేటాయింపు పట్టే గడిని తీసుకోవాలన్నది వాడుకలో ఉన్న నియమం. ఇక్కడ రెండింటిలోనూ 20 మాత్రమే పడుతుంది కనుక ఆ నియమం తేల్చలేదు. హైదరాబాద్‌కు 6 కాకపోతే తర్వాతి ఖర్చు 7, వరంగల్‌కు 6 కాకపోతే తర్వాతి ఖర్చు 9. వరంగల్‌ను వదిలితే నష్టం ఎక్కువ కాబట్టి 20 టన్నులు వరంగల్‌కే ఇస్తున్నాం. సూర్యాపేట అడ్డు వరుస పోయింది. వరంగల్‌కు ఇంకా 30 కావాలి.

ఇప్పుడు చిన్న ఖర్చు 7, మళ్లీ రెండు గడుల్లో: మిర్యాలగూడ నుంచి హైదరాబాద్, నిజామాబాద్ నుంచి కరీంనగర్. వీటి అడ్డు వరుసలూ వేరు, నిలువు వరుసలూ వేరు. ఏది ముందు నింపినా రెండోదానికి అడ్డు రాదు. హైదరాబాద్‌కు పూర్తిగా 75 ఇస్తే మిర్యాలగూడలో 5 మిగులుతాయి. కరీంనగర్‌కు 30 ఇస్తే నిజామాబాద్‌లో 40 మిగులుతాయి.

నిజమైన గమ్యాల్లో ఇక వరంగల్ ఒక్కటే ఉంది. మిర్యాలగూడ నుంచి 9 చొప్పున ఉన్న 5 టన్నులూ, నిజామాబాద్ నుంచి 11 చొప్పున 25 టన్నులూ వెళ్తాయి. నిజామాబాద్‌లో మిగిలిన 15 టన్నులు డమ్మీకి.

| గోదాము | హైదరాబాద్ | వరంగల్ | ఖమ్మం | కరీంనగర్ | డమ్మీ | నిల్వ |
|---|---|---|---|---|---|---|
| మిర్యాలగూడ | 75 | 5 | – | – | – | 80 |
| సూర్యాపేట | – | 20 | 40 | – | – | 60 |
| నిజామాబాద్ | – | 25 | – | 30 | 15 | 70 |
| అవసరం | 75 | 50 | 40 | 30 | 15 | 210 |

మొత్తం ఖర్చు = (75 × 7) + (5 × 9) + (20 × 6) + (40 × 4) + (25 × 11) + (30 × 7) + (15 × 0)

= 525 + 45 + 120 + 160 + 275 + 210 + 0 = 1335 వందలు, అంటే రూ. 1,33,500.

క్షీణత పరీక్ష: నిండిన గడులు m + n − 1 కన్నా తక్కువైతే క్షీణత ఉన్నట్టు. అడ్డు వరుసలు m = 3, డమ్మీతో కలిపి నిలువు వరుసలు n = 5. m + n − 1 = 7. నిండిన గడులు కూడా 7, అవి ఒకదానితో ఒకటి మూసిన వలయం ఏర్పరచడం లేదు. కాబట్టి ఈ సాధనలో క్షీణత లేదు.

జవాబు మీద వివరణ

పరీక్షలో రాయాల్సింది అంతవరకే. ఇక్కడి నుంచి మీతో విడిగా మాట్లాడుతున్నాను. జవాబు పత్రాలు దిద్దిన ప్రతిసారీ నాకు బాధ కలిగించేవి రెండే చోట్లు: సమాన ఖర్చులు వచ్చిన చోటు, డమ్మీ వచ్చిన చోటు. చిన్న అంకెను వెతకడం అందరికీ వస్తుంది. ఈ రెండు చోట్ల మాత్రం చాలామంది ఏ కారణమూ రాయకుండా ముందుకు వెళ్లిపోతారు. దిద్దేవారికి కనిపించేది కాగితం ఒక్కటే, మీ మనసులోని కారణం కనిపించదు.

ముందు సమాన ఖర్చుల సంగతి చూద్దాం. ఆ 20 టన్నులను వరంగల్‌కు కాకుండా హైదరాబాద్‌కు ఇచ్చి చూడండి. అప్పుడు మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు 55, వరంగల్‌కు 25 వెళ్తాయి. మిగిలినవన్నీ యథాతథంగా ఉంటాయి. ఖర్చు 1375 వందలు. ఒక్క ఎంపిక రూ. 4,000 తేడా తెచ్చింది. అలాగని 1375 తప్పు జవాబు కాదు, అది కూడా కనిష్ఠ వ్యయ పద్ధతిలో వచ్చిన సాధ్య సాధనే. కానీ తర్వాతి ఖర్చుతో తేడాను చూసి ఎంచుకోవడం మంచి అలవాటు. వోగెల్ పద్ధతిలో అడుగడుగునా చేసేది ఈ పనే. ఆ పద్ధతి ఇంకా నేర్చుకోకపోయినా, ఈ ఒక్క ఆలోచనను ఇక్కడ వాడుకోవచ్చు.

డమ్మీ సంగతి ఇంకా లోతైనది. ‘అతి తక్కువ ఖర్చు’ అన్న మాటను అక్షరాలా పాటిస్తే సున్నే అతి చిన్నది. అంటే డమ్మీ గడినే మొట్టమొదట నింపాలి. అలా చేసేవారూ ఉన్నారు, డమ్మీని చివరికి ఉంచేవారూ ఉన్నారు. రెండూ చెల్లుతాయి. అయితే ముందే నింపితే ఏమవుతుందో చూడండి. మూడు సున్నలూ సమానం, మూడింటిలోనూ 15 పడుతుంది. సూర్యాపేటను ఎంచుకుంటే, మూడు గమ్యాలకు అన్నిటికన్నా చౌకగా ఉన్న గోదాములోని సరుకును పంపకుండా ఆపేసినట్టవుతుంది. ఖర్చు 1410కి పెరుగుతుంది. మిర్యాలగూడను ఎంచుకుంటే 1355. నిజామాబాద్‌ను ఎంచుకుంటే మాత్రం మనకు వచ్చిన 1335 వస్తుంది. సరుకు ఆపాలంటే దారి ఖర్చు ఎక్కువగా ఉన్న గోదాములో ఆపడం మేలని వ్యాపారి ఎవరైనా చెబుతాడు. డమ్మీని చివరికి వదిలితే ఆ పని దానంతటదే జరిగే అవకాశం ఎక్కువ. అందుకే నేను చివర నింపమంటాను. మీరు ఏ దారి పట్టినా ఆ మాట జవాబు మొదట్లోనే ఒక వాక్యంలో రాయండి.

ఇంకో విషయం. డమ్మీ ఖర్చు ఎప్పుడూ సున్నేనని బట్టీ పట్టకండి. మిగిలిన సరుకుకు టన్నుకు ఇంత చొప్పున గోదాము అద్దె ఉందని ప్రశ్నలో ఇస్తే ఆ అంకెనే డమ్మీ గడుల్లో రాయాలి.

క్షీణత ఈ ప్రశ్నలో రాలేదు. కానీ అంకెలు కొంచెం మారితే వచ్చేది. మిర్యాలగూడలో 75, నిజామాబాద్‌లో 75 ఉన్నాయనుకోండి, మొత్తం అదే 210. అప్పుడు మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు 75 ఇచ్చేసరికి అడ్డు వరుస, నిలువు వరుస రెండూ ఒకేసారి పూర్తవుతాయి. రెండింటినీ కొట్టివేస్తే చివరికి 6 గడులే నిండుతాయి, 7 కావాలి. ఇలాంటప్పుడు ఒక్కదాన్నే కొట్టివేయాలి. హైదరాబాద్ నిలువు వరుసను తీసేసి, మిర్యాలగూడను సున్న నిల్వతో ఉంచితే, తర్వాత దాని వంతు వచ్చినప్పుడు వరంగల్ గడిలో 0 కేటాయింపు వస్తుంది. ఆ సున్నను వదిలేయకుండా పట్టికలో స్పష్టంగా రాయాలి. అది నిండిన గడుల లెక్కలోకి వస్తుంది.

ఈ పద్ధతి ఎంతవరకు మేలు చేసిందో చూడాలంటే ఇదే పట్టికను వాయవ్య మూల పద్ధతిలో చేయండి. ఖర్చులను చూడకుండా ఎడమవైపు పై మూల నుంచి నింపుకుంటూ పోతే 1485 వస్తుంది. కనిష్ఠ వ్యయ పద్ధతి అక్కడి నుంచి 150 వందలు, అంటే రూ. 15,000 తగ్గించింది. అయినా ఇది అభిలషణీయ సాధన కాదు. ఈ పద్ధతి చౌక గడి వెంట పడుతుందే తప్ప, ఆ గడిని నింపినందువల్ల ముందుముందు ఎంత ఖరీదైన గడి మన నెత్తిన పడుతుందో చూడదు. ఖమ్మానికి కావలసిన 40 టన్నులూ సూర్యాపేట నుంచే ఇచ్చేయడం వల్లనే వరంగల్‌కు నిజామాబాద్ నుంచి 11 చొప్పున తేవాల్సి వచ్చింది.

ఖాళీ గడిలోకి ఒక టన్ను తెస్తే ఖర్చు ఎంత మారుతుందో లెక్కగట్టే మోడీ పద్ధతిలో పరీక్షిస్తే ఇది కనబడుతుంది. మిర్యాలగూడ–ఖమ్మం గడికి −2 వస్తుంది. ఆ గడిలోకి 5 టన్నులు తెస్తే ఖర్చు 1325. అప్పుడు నిజామాబాద్–హైదరాబాద్ గడికి −3 వస్తుంది. 25 టన్నులు తెస్తే 1250. మళ్లీ పరీక్షిస్తే రుణ విలువ ఎక్కడా రాదు. ఆ పట్టికలో మిర్యాలగూడ హైదరాబాద్‌కు 50, ఖమ్మానికి 30 పంపుతుంది. సూర్యాపేట వరంగల్‌కు 50, ఖమ్మానికి 10 పంపుతుంది. నిజామాబాద్ హైదరాబాద్‌కు 25, కరీంనగర్‌కు 30 పంపి, 15 తన దగ్గరే ఉంచుకుంటుంది. ఖర్చు రూ. 1,25,000. సూర్యాపేట–హైదరాబాద్ గడికి సరిగ్గా సున్న వస్తుంది. కాబట్టి ఇంతే ఖర్చుతో మరో పంపకం కూడా ఉంది. దాన్ని మీరే వలయం గీసి కనుక్కోండి.