డాక్టర్ రెడ్డీస్ లాభం 1,307 కోట్లు

హైదరాబాద్, మే 2024: జనవరి-మార్చి మూడు నెలల్లో డాక్టర్ రెడ్డీస్ రూ.7,083 కోట్ల ఆదాయం సంపాదించింది. ఏడాది కిందటి కంటే ఇది 12 శాతం ఎక్కువ. ముడిసరుకు, జీతాలు, పరిశోధన, పన్నులు అన్నీ పోగా మిగిలిన లాభం రూ.1,307 కోట్లు, అంటే వచ్చిన ప్రతి వంద రూపాయల్లో సుమారు 18 రూపాయలు. లాభం 36 శాతం పెరిగింది.

ఆదాయంలో సగానికి కాస్త తక్కువ ఉత్తర అమెరికాదే. మెలిక కూడా అక్కడే ఉంది. రక్త క్యాన్సర్ మందు లెనలిడొమైడ్ జెనరిక్‌ను 2026 జనవరి వరకు పరిమితంగానే అమ్మాలి, కాబట్టి ధర బాగా పలికింది. ఆ తర్వాత పరిమితి పోతుంది, పోటీ ముదురుతుంది. ఆ లోటు పూడ్చే కొత్త మందులేవన్నదే అసలు టెన్షన్. వాటాదారులకు షేరుకు రూ.40 డివిడెండ్ సిఫారసు చేశారు.