సోమవారం కలుద్దాం, శైలజ గారూ

శైలజ గారూ,

సోమవారం నుంచి మీరు ఆఫీసుకి వస్తున్నారని ఇవాళ పొద్దున మేనేజర్ గారు చెప్పారు. వినగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". పని తగ్గుతుందని మాత్రమే అన్నది కాదు. అబద్ధం ఎందుకు, అది కూడా కొంత ఉంది.

ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వక్కర్లేదు. సెలవులో మిగిలిన రెండు రోజులూ ఆఫీసు సంగతులతో పాడుచేయాలని నాకు లేదు. ఇప్పుడు చదవాలనిపించకపోతే పక్కన పెట్టేసి, సోమవారం వచ్చి సీట్లో కూర్చున్నాకే చదవండి. అప్పటిదాకా ఆగలేని సంగతి ఇందులో ఒక్కటీ లేదు.

ఈ ఏడు నెలల్లో నేను మీకు ఒక్కసారే మెసేజ్ పెట్టాను, పాప పుట్టిందని మీరు గ్రూప్‌లో చెప్పిన రోజున. తర్వాత ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకుని ఆగిపోయాను. పలకరింపుగా మొదలుపెట్టి, "అన్నట్టు ఆ ఫైల్ ఎక్కడ పెట్టారు?" అని అడిగేస్తానని భయం. నా సంగతి నాకు తెలుసు కదా. అంతేగానీ, మర్చిపోయి మాత్రం కాదు.

పాప కబుర్లు మీరు చెప్తే వింటాను, ఫొటోలు చూపిస్తే అందరికంటే ముందు నేనే చూస్తాను. మీరు చెప్పకపోతే నేనుగా అడగను. రాత్రుళ్ళు నిద్ర ఉంటోందా, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు, అప్పుడే రావాలనిపించిందా లాంటివేవీ నా నోట వినపడవు. పట్టించుకోక అనుకునేరు. నాకు జరిగింది ఒకటుంది, దానివల్ల.

మా రెండోవాడు పుట్టాక, అప్పట్లో నేను పనిచేసే చోటికి తిరిగి వెళ్ళిన మొదటి రోజు "పిల్లాణ్ని ఎవరి దగ్గర వదిలి వచ్చావ్?" అని పదకొండు మంది అడిగారు. సరదాకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఏడో మనిషి దగ్గరికి వచ్చేసరికి సరదా పోయింది. అడిగినవాళ్ళంతా మంచివాళ్ళే. మా ఆయన్ని మాత్రం వాళ్ళ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు, అది వేరే సంగతి.

అయినా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ ప్రశ్న కాదు. సెలవుకి ముందు నేను చేసే పనిని, "చంటిపిల్లాడితో ఇబ్బంది పడతావు" అంటూ వేరేవాళ్ళకి ఇచ్చేసి, నన్ను వోచర్లు ఫైల్ చేసే పనిలో కూర్చోబెట్టారు. పాపం అని చేసిందే, కోపంతో చేసింది కాదు. కానీ నన్నొక మాట అడగలేదు. అడిగుంటే, ఒక నెల రోజులు ఇదే చాలండీ అని నేనే అనేదాన్నేమో. నా పని మళ్ళీ నా చేతికి రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

అందుకని మీ పని సంగతి నానబెట్టకుండా రాస్తున్నాను. వెండర్ రికన్సిలియేషన్ మీది. ఇన్నాళ్ళూ నేను చూసుకున్నాను, అంతే. మొత్తం ఒకేసారి తీసుకుంటారా, కొంచెం కొంచెంగా తీసుకుంటారా, కొన్నాళ్ళు ఇద్దరం కలిసి చేద్దామా అన్నది మీ ఇష్టం. సోమవారమే తేల్చక్కర్లేదు. ఒక వారం చూసుకుని చెప్పండి. ఒకటి చెప్పి, రెండు వారాల తర్వాత "కాదు వసుంధర గారూ, మారుద్దాం" అన్నా నాకేమీ ఇబ్బంది లేదు. మేనేజర్ గారితో కూడా మాట్లాడాను. "ఆవిణ్ణే అడుగుదాం, అప్పటిదాకా ఏదీ కదపొద్దు" అన్నారు. నెలాఖరు క్లోజింగ్‌కి ఇంకా మూడు వారాలు ఉంది. ఈసారికి నన్ను చేయమన్నా చేస్తాను, మీరు చేస్తానంటే తప్పుకుంటాను.

ఒక చిన్న నిజం కూడా చెప్పేస్తే నాకు తేలికగా ఉంటుంది. ట్రాన్స్‌పోర్టర్ల ఖాతాలు చూడటం నాకు బాగా అలవాటైపోయింది, నచ్చింది కూడా. మీకెప్పుడైనా పని ఎక్కువైందనిపిస్తే ముందు ఆ ముక్క నాకివ్వండి. ఇవ్వకపోయినా ఏమీ అనుకోను. కొంచెం అనుకుంటానేమో, రెండు రోజుల్లో మర్చిపోతాను.

ఇక నేను చేసిన తప్పు. వేరేవాళ్ళు నవ్వుతూ చెప్పేలోపు నేనే చెప్పడం మేలు.

మీ షీట్‌లో చివర పసుపు రంగు వేసిన రిమార్క్స్ కాలమ్ ఉంది కదా. మొదటి రెండు నెలలూ నేను దాన్ని సరిగా చదవలేదు. మూడో నెలలో మన ప్యాకింగ్ మెటీరియల్ వెండర్ నుంచి 0147/B అని ఒక బిల్లు వచ్చింది. పది రోజుల తర్వాత అదే బిల్లు 0147-B అని మళ్ళీ వచ్చింది. మధ్యలో గీత మారితే ఎక్సెల్‌కి అవి రెండు వేర్వేరు బిల్లులు. నాకూ అలాగే కనిపించాయి. రెండూ పేమెంట్ లిస్టులో పెట్టేశాను. అప్రూవల్‌కి పంపబోతూ కుడివైపుకి జరిపితే, ఆ వెండర్ పేరుకి ఎదురుగా మీరు రాసింది కనిపించింది: "ఒకే బిల్లు రెండుసార్లు పంపుతారు. నంబర్ కాదు, తేదీ, మొత్తం చూడాలి." ఆ పూట మీకు మనసులోనే ఒక దండం పెట్టాను. మర్నాడు ఆ కాలమ్ మొత్తం, మొదటి వరస నుంచి చివరి వరస దాకా కూర్చుని చదివాను. మీరు ఇన్నేళ్ళూ ఎంత తలలో పెట్టుకుని నెట్టుకొచ్చారో అప్పుడు తెలిసింది.

ఆ దెబ్బతో మీ షీట్‌లో ఒక కొత్త కాలమ్ చేర్చాను. బిల్లు నంబర్లో గీతలు, ముందు వెనక ఖాళీలు తీసేసి పోల్చడానికి:

```
=SUBSTITUTE(SUBSTITUTE(TRIM(C2),"/",""),"-","")
```

ఇంకోటి, బ్యాంక్ ఖాతా నంబర్లు రెండుసార్లు పడ్డాయేమో చూసే చోట మీ COUNTIF బదులు SUMPRODUCT పెట్టాను. పదహారు అంకెల నంబర్లు రెండింటిలో చివరి అంకె ఒక్కటే తేడా ఉంటే COUNTIF రెండూ ఒకటే అంటోంది. వాటిని టెక్స్ట్‌గా పెట్టినా సంఖ్యగానే లెక్కేసుకుని, పదిహేను అంకెల దాకానే చూస్తుంది మరి. మీ పాత ఫార్ములా పక్క షీట్‌లో అలాగే ఉంచాను. నేను చేసింది నచ్చకపోతే మొహమాటం లేకుండా తీసేయండి. షీట్ మీది.

సోమవారం పొద్దున సంగతులు. మీ పాస్‌వర్డ్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. ఐటీ వాళ్ళకి చెప్పి ఉంచాను, మీరు వచ్చి వాళ్ళ ఎక్స్‌టెన్షన్‌కి ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో కొత్తది ఇస్తారు. మెయిల్ తెరవగానే ఎన్ని వేలు ఉన్నాయో చూసి టెన్షన్ పడకండి. అందులో చాలావరకు మీకు సీసీలో వచ్చినవే, వాటి గొడవ ఎప్పుడో తీరిపోయింది. నిజంగా మీరు చూడాల్సినవి తొమ్మిది. వాటిని పాత మెయిళ్ళలో వెతుక్కోకుండా విడిగా మీకు పంపి, "శైలజ గారు చూడాలి" అని సబ్జెక్ట్ పెట్టాను. ఆ తొమ్మిదింటిలో కూడా తొందరది ఒక్కటే, అది బుధవారం లోపు. మిగిలినవి ఎప్పుడైనా.

మారినవి కొన్ని ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నర మీటింగ్ పదకొండుకి మారింది, అందరికీ హాయిగా ఉంది. రెండు సంతకాల అప్రూవల్ ఇప్పుడు సిస్టమ్‌లోనే అయిపోతుంది, కాగితం పట్టుకుని పై అంతస్తుకి తిరగక్కర్లేదు. మన ఎదురు సీట్లో ఉండే ఆయన వేరే బ్రాంచ్‌కి వెళ్ళారు, ఆ చోట కిరణ్ అని కొత్త అబ్బాయి చేరాడు. మీ షీట్ చూసి పని నేర్చుకున్నాడు కాబట్టి మీరంటే కొంచెం భయం, చాలా గౌరవం. మొదటి రోజు అరగంటకోసారి మీ దగ్గరికి వచ్చి డౌట్లు అడిగేలా ఉన్నాడు. వద్దనిపిస్తే నావైపు ఒక చూపు చూడండి, నేను పిలిచేస్తాను.

మరో విషయం ఉంది, ఒక్కసారే చెప్తాను. మూడో అంతస్తులో స్టోర్ పక్కనున్న చిన్న గదిని ఖాళీ చేయించి శుభ్రం చేయించారు. లోపలివైపు గడియ ఉంది, కిటికీకి కర్టెన్ ఉంది, ప్లగ్ పాయింట్ ఉంది. తాళంచెవి రిసెప్షన్‌లో అడిగితే ఇస్తారు, ఎందుకని అడగరు, రిజిస్టర్‌లో రాయమనరు. మీకు అవసరమవుతుందో లేదో నాకు తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఉందని తెలిస్తే చాలు.

మీరు సాయంత్రం టైముకి లేచి వెళ్తుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకండి. ఎప్పటిలాగే ఏడింటిదాకా కూర్చుంటే "ఇంకా వెళ్ళలేదా, పాప ఎదురుచూడదా" అని నేను మిమ్మల్ని తరమను. లంచ్‌కి మా టేబుల్ దగ్గర మీ చోటు మీదే. ఒంటరిగా కాసేపు కూర్చోవాలనిపించినా, ఆ అరగంట ఇంటికి ఫోన్ చేసుకోవాలనిపించినా, రాలేదేమని ఎవరం రాగాలు తీయం. ఏ కారణంగానైనా సోమవారం కాక ఇంకో రోజు వస్తానంటారా, మేనేజర్ గారికి ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. ఇక్కడ అంతా నడుస్తూనే ఉంటుంది.

మీ కుర్చీ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మీరు వెళ్ళిన వారానికే కాన్ఫరెన్స్ రూమ్‌కి ఎత్తుకెళ్ళారు. వెనక్కి తెచ్చుకోవడం, మళ్ళీ మాయమవడం, ఇలా నాలుగైదు సార్లు అయ్యాక వెనకవైపు మీ పేరు రాసి టేప్ అంటించాను. అప్పట్నుంచి కదల్లేదు. ఎత్తు మాత్రం ఎవరో మార్చారు, దాన్ని సరిచేయడం నా వల్ల కాలేదు. కుడివైపు కింద ఉన్న లివర్ బిగుసుకుపోయింది, చూసి కూర్చోండి.

మీ మానిటర్ మూల అంటించిన చీటీ కూడా అలాగే ఉంది, "25న బ్యాంక్ వాళ్ళకి గుర్తు చేయాలి" అన్నది. రెండుసార్లు ఊడిపడింది, రెండుసార్లూ మళ్ళీ అంటించాను. ఇప్పుడది 25 కాదు, 22కి మారింది. మీ చేతిరాత మీద కొట్టేసి రాయడం ఇష్టం లేక వదిలేశాను. మీరే దిద్దండి.

సోమవారం కలుద్దాం.

వసుంధర