సెప్టెంబర్ 2025 ఏజెంట్ కమిషన్: 5 శాతం జీఎస్టీ బుకింగ్‌లకు తక్కువ పడింది

ప్రాధాన్యం: అత్యవసరం. సరిచేసిన లెక్క అక్టోబర్ 6, సోమవారం సాయంత్రానికి కావాలి.

సెప్టెంబర్‌కు సిస్టమ్ చూపిన కమిషన్ రూ. 2,79,400. ఇన్వాయిస్‌లను బట్టి మేం వేస్తే రూ. 2,87,200 వచ్చింది. తేడా రూ. 7,800. చిత్తూరు ఏజెంట్ ఒకరు స్టేట్‌మెంట్ చూసి అడిగితే బయటపడింది.

మన ఒప్పందం ప్రకారం జీఎస్టీ కలపని గది అద్దె మీద 10 శాతం కమిషన్. రాత్రికి రూ. 7,500 వరకు ఉన్న గదులకు సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇన్వాయిస్‌లో కొత్త రేటు సరిగ్గానే పడుతోంది. కమిషన్ లెక్కే పాత రేటు దగ్గర ఆగిపోయినట్టుంది. కోడ్ నేను చూడలేదు కానీ, ఈ గదులకు కింది సూత్రంతో వేస్తే సిస్టమ్ అంకెలు పైసలతో సహా సరిపోతున్నాయి:

```
commission = gross / 1.12 * 0.10
```

| బుకింగ్ | ఇన్వాయిస్, చెల్లింపు | చెక్-ఇన్ | అద్దె | జీఎస్టీ | మొత్తం | సిస్టమ్ కమిషన్ | రావాల్సింది |
|---|---|---|---|---|---|---|---|
| B-4418 | సెప్టెంబర్ 12 | సెప్టెంబర్ 12 | 2,000 | 12% | 2,240 | 200.00 | 200.00 |
| B-4473 | సెప్టెంబర్ 23 | సెప్టెంబర్ 23 | 3,000 | 5% | 3,150 | 281.25 | 300.00 |
| B-4502 | సెప్టెంబర్ 26 | సెప్టెంబర్ 27 | 6,000 | 5% | 6,300 | 562.50 | 600.00 |
| B-4107 | ఆగస్టు 20 | సెప్టెంబర్ 25 | 4,000 | 12% | 4,480 | 400.00 | 400.00 |

5 శాతం పడిన ప్రతి బుకింగ్‌లోనూ తరుగు సరిగ్గా 6.25 శాతమే.

B-4107ను దయచేసి జాగ్రత్తగా చూడండి. బ్రహ్మోత్సవాలకని ఆగస్టులోనే డబ్బు కట్టి, ఇన్వాయిస్ తీసుకున్న బుకింగ్ అది. బస 22 తర్వాతే అయినా దానికి 12 శాతమే వర్తిస్తుంది. చెక్-ఇన్ తేదీ చూసి 1.05తో భాగించారంటే కమిషన్ 426.67 అవుతుంది, అప్పుడు ఎక్కువ ఇచ్చేస్తాం. ఇలాంటివి ఈ నెల చాలానే ఉన్నాయి. అందుకే కోడ్‌లో తేదీ గానీ రేటు గానీ పెట్టొద్దు. ఇన్వాయిస్‌లో పన్నుకు ముందున్న విలువనే నేరుగా తీసుకోండి. 18 శాతం గదుల కమిషన్ సరిగ్గానే ఉంది, మార్పు తర్వాత కూడా అవే అంకెలు రావాలి.

టీడీఎస్ కూడా మళ్లీ లెక్క కట్టాలి. ఏడాది కమిషన్ రూ. 20,000 దాటితే 194హెచ్ కింద 2 శాతం కోయాలి. ఒక ఏజెంట్‌కు ఏప్రిల్ నుంచి సిస్టమ్‌లో రూ. 19,850 ఉంది. తక్కువ పడిన రూ. 300 కలిపితే 20,150 అవుతుంది, టీడీఎస్ రూ. 403 పడుతుంది. సెప్టెంబర్ టీడీఎస్ కట్టడానికి 7వ తేదీ ఆఖరు, గడువు మీద నాకున్న టెన్షన్ అదే.

ఏజెంట్ల చెల్లింపులు 10 వరకు ఆపించాను. వాళ్లలో చాలామందికి ఈ కమిషనే నెల ఆదాయం, అంతకు మించి ఆపడం న్యాయం కాదు. ఇప్పటికే పంపిన స్టేట్‌మెంట్‌లను చెరపకండి. తేడాను బుకింగ్ నంబర్‌తో సహా ‘సెప్టెంబర్ సవరణ’ అని వేరే వరుసలో చూపించండి. లైవ్‌లో పెట్టే ముందు పై నాలుగు బుకింగ్‌ల ఫలితం నాకు పంపితే, మా టీమ్ అదే రోజు సరిచూసి చెబుతుంది.